పదహారు క్లిప్పులు, ఏడున్నర నిమిషాలు

ప్రభుత్వ ఉద్యోగికి పదవీ విరమణ నెల మధ్యలో రాదు. వయసు ఏ తేదీన నిండినా ఆ నెల ఆఖరి రోజు దాకా కొలువు ఉంటుంది. ఒకటో తారీఖున పుట్టినవారికి మాత్రం అంతకుముందు నెల ఆఖరి రోజే చివరి పనిదినం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు 62, తెలంగాణలో 61. అందుకే నెలాఖరు వచ్చిందంటే బడుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో శాలువాలు, దండలు, ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఇప్పుడు వాటి సరసన ఇంకొకటి చేరింది. సహోద్యోగులు తలా ఒక క్లిప్పు ఫోన్లో తీసి పంపితే, వాటిని వరసగా అతికించి, మధ్యమధ్య ఒక గొంతుతో వ్యాఖ్యానం చెప్పించి, సభలో తెర మీద వేసే వీడ్కోలు వీడియో.

అలాంటివి చాలావాటిలో మూడో నిమిషానికల్లా సభ ఫోన్లలోకి తలదించేస్తుంది. అందరూ ఒకటే మాట్లాడతారు మరి. సార్ చాలా మంచివారు, క్రమశిక్షణ గలవారు, మాకు మార్గదర్శి, శేషజీవితం ఆయురారోగ్యాలతో గడపాలి. ముఖాలు మారతాయి కానీ మాట మారదు. మధ్యలో వచ్చే వ్యాఖ్యానం కూడా 'ఇప్పుడు ఫలానావారు తమ అనుభవాలు పంచుకుంటారు' అంటూ పేర్లు పిలిచి ఊరుకుంటుంది.

ఈ తప్పు ఎడిటింగ్‌లో జరిగేది కాదు. దానికి రెండు వారాల ముందే, క్లిప్పు పంపమని అడిగిన వాట్సాప్ మెసేజ్‌లోనే జరిగిపోతుంది. 'సార్ గురించి రెండు మాటలు మాట్లాడి పంపండి' అని అడిగితే ఎవరైనా ఆ రెండు మాటలే పంపుతారు.

టీవీ వార్తల్లో పనిచేసేవారికి ఇలాంటి స్క్రిప్టు రోజువారీ పని. రిపోర్టర్ పంపిన మనుషుల మాటల ముక్కను వాళ్లు బైట్ అంటారు. బైట్‌కీ బైట్‌కీ మధ్య దృశ్యాల మీద వినిపించే గొంతు వాయిస్ ఓవర్. రెండూ కలిపి కుట్టిన కథనం ప్యాకేజీ. తెర కింద పేరూ హోదా చూపించే పట్టీని ఆస్టన్ అంటారు. వీడ్కోలు వీడియో కూడా నిజానికి ప్యాకేజీయే. ప్యాకేజీ రాసేవారు ముందు బైట్లన్నీ విని, ఆ తర్వాతే కలం పట్టుకుంటారు. వీడ్కోలు వీడియో తయారుచేసేవారిలో ఎక్కువమంది ముందు వ్యాఖ్యానం రాసేసి, క్లిప్పుల్ని దాని మధ్య ఇరికిస్తారు. అసలు తేడా అక్కడుంది.

పద్ధతి తెలియడానికి ఒక ఊహాత్మక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా నడిపించి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. లెక్కల స్కూల్ అసిస్టెంట్ మే 31న రిటైరవుతారు. ఆ రోజుకు వేసవి సెలవులు నడుస్తుంటాయి కాబట్టి సభ ఏప్రిల్లో, బడి మూసే ముందే పెట్టుకోవాలి. అదే ఏప్రిల్లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ కూడా ఉంటుంది. టీచర్లలో సగం మంది జిల్లా కేంద్రంలో జవాబు పత్రాలు దిద్దుతుంటారు. కాబట్టి క్లిప్పుల పని మార్చిలోనే మొదలుకావాలి. ఇంగ్లిష్ టీచరు ఒకరు ఆ బాధ్యత తీసుకున్నారనుకుందాం.

ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న

ఆమె చేయవలసిన మొదటి పని గ్రూపులో మెసేజ్ పెట్టడం కాదు. ఎవరెవరిని అడగాలో కాగితం మీద రాసుకుని, ఒక్కో పేరు ఎదురుగా వారికి మాత్రమే తెలిసిన సంగతి ఏమై ఉంటుందో ఆలోచించుకోవడం. పీఈటీ గారికి మైదానం తెలుసు. వంట చేసే ఆమెకు మధ్యాహ్నం పన్నెండున్నర తెలుసు. అటెండరుకు పొద్దున తలుపు తీసే వేళ తెలుసు. బదిలీ మీద వెళ్లిపోయిన సోషల్ మాస్టారికి ఒక ఎన్నికల డ్యూటీ రాత్రి తెలుసు. నిరుడు కొత్తగా చేరిన అమ్మాయికి తన మొదటి క్లాసు తెలుసు. ఎవరి ప్రశ్న వారికి విడిగా వెళ్లాలి. పీఈటీ గారికి వెళ్లే మెసేజ్ ఇలా ఉండవచ్చు:

'సార్, మన లెక్కల మాస్టారి వీడియో కోసం మీ దగ్గర ఒక సంగతి కావాలి. కోర్టు గీసిన రోజు ఏం జరిగిందో చెప్పండి. ఆయన గుణగణాలు వద్దు, ఆ రోజు జరిగింది చాలు. ఒకటిన్నర నిమిషం లోపు. ఫోను అడ్డంగా పట్టుకోండి. కిటికీకి ఎదురుగా నిలబడండి. ఫ్యాను ఆపేయండి. రికార్డింగ్ మొదలయ్యాక మూడు సెకన్లు ఆగి మాట్లాడండి, అయ్యాక కూడా మూడు సెకన్లు ఆగి ఆపండి. వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఈ నెల 20లోపు.'

ఇందులో ప్రతి సూచనకూ కారణం ఉంది. కిటికీ వెనకుంటే ముఖం నల్లగా పడుతుంది, ఎదురుగా ఉంటే వెలుగు ముఖం మీద పడుతుంది. ఫ్యాను హోరు మనిషి చెవికి ఆనదు కానీ ఫోను మైకు దాన్ని వదలదు, సభలో పెద్ద స్పీకర్ల మీద అది గాలివానలా వినిపిస్తుంది. ముందూ వెనకా మూడు సెకన్ల విరామం లేకపోతే మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తెగిపోతాయి. 'నేను' అన్నది 'ను' అవుతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే యాప్ దాన్ని కుదించేస్తుంది. ఫోన్ తెర మీద అది తెలియదు, హాలు తెర మీద ముఖం మసకబారినప్పుడు తెలుస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

అందరూ తమంతట తాము తీసి పంపలేరు. వంట చేసే ఆమెను 'క్లిప్పు పంపండి' అంటే సిగ్గుపడి తప్పించుకుంటుంది. ఆమె దగ్గరికి వెళ్లి, పొయ్యి పక్కనే పీట వేసుకుని, 'అక్కా, మాస్టారు రోజూ వచ్చి గోడ మీద ఏదో రాసిపోయేవారు కదా, ఏం రాసేవారు?' అని అడిగి, ఆమె చెబుతుండగా తీయాలి. అడిగేవారి గొంతు తర్వాత కత్తిరించేస్తారు కాబట్టి ఒక జాగ్రత్త అవసరం. 'అవును, రాసేవారు' అని మొదలైన జవాబు ప్రశ్న తీసేశాక నిలబడదు. 'మాస్టారు రోజూ గోడ మీద...' అంటూ పూర్తి వాక్యంతో మొదలుపెట్టమని ముందే చెప్పాలి. టీవీ రిపోర్టర్లు బైట్ తీసుకునేటప్పుడు పాటించే నియమమే ఇది.

విని రాసుకునే పట్టిక

గడువు నాటికి పదహారు మంది దగ్గర్నుంచి క్లిప్పులు వచ్చాయి. అన్నీ కలిపితే 26 నిమిషాలు. సభలో వీడియోకు దొరికేది ఎనిమిది నిమిషాలకు మించదు, తర్వాత వక్తలున్నారు, సన్మానముంది, భోజనాలున్నాయి. అంటే పాళ్లలో చూస్తే మూడింట రెండొంతులు తీసేయాలి. ఏది తీయాలో ఎడిటింగ్ యాప్ తెరిచాక ఆలోచిస్తే రాత్రంతా కూర్చున్నా తెమలదు. అందుకే ముందు కాగితం మీద తేల్చుకోవాలి. సినిమా, టీవీ ఎడిటర్లు దీన్ని పేపర్ ఎడిట్ అంటారు.

పట్టికలో ఒక్కో క్లిప్పుకు ఒక్కో వరస. ఎవరు, మొత్తం నిడివి ఎంత, పనికొచ్చే ముక్క ఏ నిమిషం ఏ సెకను నుంచి ఏ సెకను వరకు, ఆ ముక్కలో మొదటి మాట ఏది, చివరి మాట ఏది. ఈ చివరి రెండు గడులే స్క్రిప్టుకు ప్రాణం. వ్యాఖ్యానం ముగియవలసింది తర్వాతి బైట్ మొదటి మాటకు అతికేలా, మొదలవవలసింది ముందు బైట్ చివరి మాటను అందుకుని. ఆ మాటలు అక్షరాలా రాసుకోకపోతే అతుకు కుదరదు.

పీఈటీ గారి క్లిప్పునే తీసుకుందాం. ఒకటిన్నర నిమిషం అడిగితే రెండు నిమిషాల నలభై సెకన్లు పంపారు. మొదటి డెబ్బై సెకన్లు బడి వెనక స్థలం ఎలా ఉండేది, ముళ్లకంపలు ఎవరు కొట్టించారు, జేసీబీ ఎప్పుడు వచ్చింది అన్న వివరం. తర్వాత ముప్పై సెకన్లలో అసలు సంగతి ఉంది. వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు వేస్తుంటే మూలలు సరిగ్గా కుదరలేదు. లెక్కల మాస్టారు వచ్చి, ఒక తాడుకు సమాన దూరాల్లో ముడులు వేసి, పన్నెండు భాగాలు చేసి, మూడు భాగాలు ఒక వైపు, నాలుగు మరో వైపు, ఐదు ఏటవాలుగా వచ్చేలా ముగ్గురు పిల్లల చేత పట్టించారు. మూల లంబకోణమైంది. ఏడో తరగతి పిల్లలు పైథాగరస్ సూత్రం పేరు వినకముందే దాన్ని చేత్తో పట్టుకున్నారు. మిగిలిన నిమిషం శుభాకాంక్షలు.

ఆ ముప్పై సెకన్లు ఉంటాయి, శుభాకాంక్షలు పోతాయి. మరి మొదటి డెబ్బై సెకన్లు? అది లేకపోతే కథ అర్థం కాదు, ఉంటే సాగదీతగా ఉంటుంది. వ్యాఖ్యానం పుట్టేది సరిగ్గా ఇక్కడే. డెబ్బై సెకన్ల నేపథ్యాన్ని వ్యాఖ్యాత పది సెకన్లలో చెప్పి, తాడు చేతికొచ్చే క్షణానికి పీఈటీ గారి గొంతును తెస్తాడు. మనిషి కళ్లారా చూసింది అతని నోటితోనే వినాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న వివరాలు ఎవరు చెప్పినా ఒకటే, అందుకే అవి వ్యాఖ్యాత వాటా. ఈ పంపకం ఒంటబట్టిన రోజు స్క్రిప్టు సగం రాసినట్టే.

వ్యాఖ్యానం లేకుండా చేసి చూసినవారు

సహోద్యోగుల గొంతులతోనే ఒక మనిషి కథ చెప్పిన ప్రసిద్ధ ప్రయత్నం 1958లో బ్రిటన్‌లో జరిగింది. జాన్ ఆక్సన్ అనే రైలు డ్రైవరు 1957 ఫిబ్రవరిలో, బ్రేకులు పనిచేయని గూడ్సు బండి పల్లంలో దూసుకుపోతుంటే దూకి ప్రాణం దక్కించుకోకుండా, దాన్ని అదుపు చేసే ప్రయత్నంలో ఇంజన్ మీదే ఉండిపోయి చనిపోయాడు. బీబీసీ నిర్మాత చార్లెస్ పార్కర్, గాయకుడు ఇవాన్ మెకాల్ అతని గురించి రేడియో కార్యక్రమం చేయబూని, టేపు రికార్డరు పట్టుకుని అతనితో పనిచేసిన రైల్వే కార్మికుల దగ్గరికి వెళ్లారు. కార్మికుల మాటలు రాసుకొచ్చి నటుల చేత చదివించడం అప్పటి ఆనవాయితీ. టేపులు విన్నాక ఆ కార్మికుల గొంతులకు ఏ నటుడి గొంతూ సాటిరాదని వారికి తోచింది. అసలు మాటల్నే వాడి, వ్యాఖ్యాతను పూర్తిగా తీసేసి, ఆ చోటును పాటలతో నింపారు. పెగ్గీ సీగర్ సంగీతం సమకూర్చింది. 'ద బలాడ్ ఆఫ్ జాన్ ఆక్సన్' 1958 జూలైలో ప్రసారమైంది. రేడియో బలాడ్స్ అన్న వరసకు అదే మొదలు.

వ్యాఖ్యాతను తీసేయడానికి వారికి గంటల కొద్దీ టేపులు, వాటిని రోజుల తరబడి కోసి అతికే ఓపిక, పాటలు కట్టే మనిషి ఉన్నారు. బడి స్టాఫ్‌రూమ్‌లో అవేవీ ఉండవు. అక్కడ వ్యాఖ్యానం తప్పదు. అయితే పార్కర్ టేపుల్లో విన్నది ఇక్కడా వర్తిస్తుంది. పనిచేసిన మనిషి చెప్పే ఒక్క వివరం ముందు రాసిపెట్టుకున్న గంభీర వాక్యం వెలవెలబోతుంది. 'ఎందరికో స్ఫూర్తిప్రదాత' అని వ్యాఖ్యాత అన్న వెంటనే, 'మాస్టారు గోడ మీద బియ్యం లెక్క రాసేవారు బాబూ' అని వంటామె అంటే, సభకు గుర్తుండేది రెండోదే.

పాతిక మాటల్లో

ఇప్పుడు లెక్క వేద్దాం. పది మంది బైట్లు ఒక్కొక్కటి సగటున పాతిక సెకన్లు, మొత్తం 250 సెకన్లు. సంగతి ఏమీ చెప్పకుండా శుభాకాంక్షలు మాత్రమే పంపిన ఆరుగురికి ఐదేసి సెకన్ల చొప్పున ముప్పై. వ్యాఖ్యానం ఎనిమిది చోట్ల, ఒక్కోచోట పదిహేను సెకన్లు, అంటే 120. టైటిల్‌కు, పాత ఫోటోలకు, గొంతు లేని దృశ్యాలకు యాభై. కూడితే 450 సెకన్లు, ఏడున్నర నిమిషాలు.

తెలుగును నిదానంగా, విడివిడిగా చదివితే పదిహేను సెకన్లలో సుమారు పాతిక మాటలు పడతాయి. సమాసాలు ఎక్కువైతే ఇంకా తగ్గుతాయి. అందుకే మాటలు లెక్కపెట్టడం కన్నా గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోవడం మేలు. కంటితో చదివినప్పుడు పది సెకన్లనిపించింది నోటితో చదివితే పదహారు అవుతుంది.

పీఈటీ గారి బైట్‌కు ముందు వ్యాఖ్యానం తొలి ప్రయత్నంలో ఇలా వచ్చిందనుకుందాం: 'లెక్కలంటే పుస్తకాలకే పరిమితం కాదని నిరూపించిన మాస్టారు వాలీబాల్ కోర్టు గీయడంలోనూ గణితాన్ని ఉపయోగించారు. ఆ విశేషాలు పీఈటీ గారి మాటల్లో విందాం.' ఇందులో రెండు లోపాలున్నాయి. జరగబోయేది ముందే చెప్పేసింది, ఇక బైట్ అదే సంగతిని రెండోసారి చెబుతుంది. పైగా 'విందాం' అని సభను బెంచీ మీద కూర్చోబెట్టింది. తిరగరాస్తే:

వ్యాఖ్యానం: 'బడి వెనక ముళ్లకంపలు కొట్టించి నేల చదును చేశారు. సున్నం వచ్చింది, తాడు వచ్చింది. పిల్లలు బంతి పట్టుకుని నిలబడ్డారు. కోర్టు మూలలు మాత్రం కుదరడం లేదు. అప్పుడే మూడో పీరియడ్ అయింది.'

బైట్, పీఈటీ: 'సార్ క్లాసు నుంచి బయటికొచ్చి, ఆ తాడు ఇటివ్వండి అన్నారు...'

పీఈటీ పేరు వ్యాఖ్యానంలో లేదు. అవసరం కూడా లేదు, తెర మీద ఆస్టన్ ఆ పని చేస్తుంది. వ్యాఖ్యానం ఒక చిక్కు దగ్గర ఆగింది, బైట్ దాన్ని విప్పుతూ మొదలైంది. వింటున్నవారికి రెండు గొంతులు కలిసి ఒకే కథ చెప్పినట్టుంటుంది.

వంటామె బైట్‌లో మాట ఇది: పొద్దున హాజరు వేశాక మాస్టారు వంటగది గోడ మీద సుద్దతో ఆనాటి పిల్లల సంఖ్య, దాని కింద బియ్యం కిలోలు రాసి వెళ్లేవారు, 'ఒక్కనాడూ అన్నం మిగలలేదు, తక్కువా పడలేదు'. హైస్కూలు పిల్లలకు మధ్యాహ్న భోజనంలో తలకు 150 గ్రాముల బియ్యం లెక్క. ఆ అంకె ఆమె చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. వ్యాఖ్యానం అందుకుంటుంది: '212 మంది వచ్చిన రోజు 31 కిలోల 800 గ్రాములు. 190 మంది వచ్చిన రోజు 28న్నర కిలోలు. కాగితం మీద కాదు, వంటగది గోడ మీద.' ఈసారి వ్యాఖ్యానం బైట్‌కు ముందు కాదు, తర్వాత వచ్చింది. ఆమె మాట నవ్వు పుట్టిస్తే, వెనకే వచ్చిన అంకె ఆ నవ్వుకు బరువు తెస్తుంది. ఎనిమిది చోట్లా ఒకే పద్ధతిలో ముందే వచ్చి నిలబడితే సభ దాన్ని పసిగట్టేస్తుంది. రెండు మూడు చోట్ల బైట్ తర్వాత రావాలి, ఒకటి రెండు చోట్ల వ్యాఖ్యానం లేకుండా బైట్ మీద బైట్ పడాలి.

సోషల్ మాస్టారు చెప్పిన ఎన్నికల రాత్రి అలా మరో బైట్‌తో నేరుగా అతికింది. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి పోలైన ఓట్ల వివరాన్ని 17సీ ఫారంలో నింపాలి. ఓటర్ల రిజిస్టరులోని సంఖ్యకూ, యంత్రం చూపిన సంఖ్యకూ తేడా వస్తే అంతే సంగతులు. ఆ రాత్రి రిజిస్టరు కూడికలో ఒకటి తేడా వచ్చింది. తోటివారు నిద్రకు తూగుతుంటే మాస్టారు మొదటి పేజీ నుంచి మళ్లీ కూడి, ఒకే వరస సంఖ్య రెండుసార్లు పడిన చోటు పట్టుకున్నారు. 'అప్పటికి అర్ధరాత్రి దాటింది, ఆయన మొహంలో విసుగు లేదు' అన్నది ఆ బైట్ చివరి మాట. దాని వెనకే కొత్త టీచరు: 'నా మొదటి క్లాసులో నేను బోర్డు మీద తప్పు చేశాను. వెనక బెంచీలో కూర్చున్న సార్ ఏమీ అనలేదు. బయటికొచ్చాక, అమ్మా, నాలుగో మెట్టు ఒకసారి చూసుకో అన్నారు.' ఈ రెండింటి మధ్య వ్యాఖ్యాత దూరితే చెడగొట్టినట్టే.

వరస ఎవరితో మొదలు?

స్క్రిప్టు రాసేవారికి తలనొప్పి తెచ్చేది ప్రొటోకాల్. ముందు మండల విద్యాధికారి, తర్వాత ప్రధానోపాధ్యాయులు, ఆపైన సీనియారిటీ ప్రకారం పెడితే ఎవరికీ కోపం రాదు. కానీ అధికారులకు ఆ మనిషితో రోజువారీ పరిచయం తక్కువ, అంచేత వారి మాటల్లో సంగతులూ తక్కువ. వీడియో మొదటి రెండు నిమిషాలూ పొగడ్తలతో నిండిపోతుంది. దీనికి తేలికైన దారి, పెద్దల్ని వేదిక మీద మాట్లాడమని ముందే కోరి, వీడియోను రోజూ కలిసి పనిచేసినవారికి వదిలేయడం. అది కుదరకపోతే కాలం వరస పెట్టుకోవాలి. 1990లో మొదటి బడిలో తోడున్నవారితో మొదలై, ఈ ఏడాది చేరినవారితో ముగిసే వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్న రాదు. అడిగినవారికి చూపించడానికి సంవత్సరం ఉంది.

మన ఉదాహరణలో ఇంకో వరస ఎంచుకోవచ్చు, బడిలో ఒక రోజు. పొద్దున తలుపు తీసే అటెండరు, వెనక బెంచీ చెప్పే కొత్త టీచరు, మూడో పీరియడ్ తర్వాత కోర్టు, పన్నెండున్నరకు వంటగది, సాయంత్రం పదో తరగతి ప్రత్యేక క్లాసు, రాత్రి ఎన్నికల డ్యూటీ. ఎవరి క్లిప్పు ఏ వేళదో పట్టికలోనే తెలిసిపోతుంది. అయితే ఇందాకటి ఎన్నికల రాత్రి, కొత్త టీచరు అతుకు ఈ వరసలో విడిపోతుంది. రెండింటిలో ఏది కావాలో తేల్చుకోవాలి, రెండూ దక్కవు.

శుభాకాంక్షలు మాత్రమే పంపిన ఆరుగురిని వదిలేయడానికి లేదు. సభలో వాళ్లూ కూర్చుంటారు, తమ ముఖం కోసం ఎదురుచూస్తారు. ఒక్కొక్కరి క్లిప్పులోంచి ఒక్కో చిన్న వాక్యం తీసి, వరసగా ఐదేసి సెకన్లు వేస్తే అరనిమిషంలో అందరూ కనిపిస్తారు. వ్యాఖ్యానం అక్కడ మౌనంగా ఉంటుంది. చివర్లో పదహారు పేర్లనూ జాబితాతో ఒకసారి సరిచూసుకోవాలి. ఆస్టన్‌లో పేరు తప్పు పడితే, హోదా పాతది పడితే, వీడియో ఎంత బాగున్నా తర్వాత వారం రోజులు దాని గురించే మాట్లాడతారు. ఎవరి పేరు ఎలా రాయాలో వారినే అడిగి మెసేజ్‌లో తెప్పించుకోవడం ఉత్తమం.

హాస్యం విషయంలో ఒక హద్దు. ఆయన అలవాట్ల మీద నవ్వొచ్చు, శరీరం మీద, ఆరోగ్యం మీద, ఇంటి సంగతుల మీద కాదు. సభలో ఆయన భార్యాపిల్లలూ బంధువులూ ఉంటారు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ పగలబడి నవ్విన సంగతి వారి ముందు వేరేగా వినిపించవచ్చు. అనుమానం వచ్చిన క్లిప్పును ఇంట్లోవారిలో ఒకరికి ముందే చూపించి అడగాలి.

గొంతు, తెర, పెన్ డ్రైవ్

వ్యాఖ్యానం ఎవరు చదవాలి? గంభీరమైన గొంతున్నవారు కాదు, వాక్యాన్ని మామూలుగా చెప్పగలిగినవారు. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడి చదివితే గది ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంటే ప, బ అక్షరాల దగ్గర గాలి దెబ్బ పడదు. ఎనిమిది ముక్కలనూ ఒకే గదిలో, ఒకే పూట చదవాలి. సగం పొద్దున, సగం రాత్రి చదివితే గొంతు మారిన తేడా అతుకుల దగ్గర తెలుస్తుంది.

నేపథ్య సంగీతం మాట నడుస్తున్నంతసేపు ఉండీ లేనట్టుండాలి. సినిమా పాట పెట్టుకుంటే హాల్లో ఇబ్బంది లేకపోవచ్చు గానీ, రేపు యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ రావచ్చు. నిలువుగా తీసిన క్లిప్పులు ఎంత చెప్పినా నాలుగైదు వస్తాయి. వాటిని సాగదీయకూడదు, ఇరుపక్కలా అదే దృశ్యాన్ని మసకచేసి నింపాలి. ఒకరి గొంతు గుసగుసలా, మరొకరిది గావుకేకలా ఉంటుంది కాబట్టి, కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా ఒకసారి వింటే ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది.

సభకు ముందు రోజే హాల్లోని ప్రొజెక్టరు మీద, అక్కడి స్పీకర్లతో పూర్తిగా వేసి చూడాలి. పగటిపూట కిటికీల వెలుగులో ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోతుంది. ఆస్టన్ అక్షరాలు చిన్నవైతే వెనక వరసకు కనిపించవు. ఫైలును ఎంపీ4గా, హెచ్.264 పద్ధతిలో సిద్ధం చేస్తే దాదాపు ఏ ల్యాప్‌టాప్ అయినా, టీవీ అయినా ఆడిస్తుంది. ఏడున్నర నిమిషాల వీడియో పెన్ డ్రైవ్‌లో సులువుగా పడుతుంది.

మాస్టారికి ఇవ్వాల్సింది మాత్రం ఆ ఏడున్నర నిమిషాలే కాదు. కత్తిరించిన ఇరవై ఒక్క నిమిషాలకు పైగా భాగంలో ముళ్లకంపలు కొట్టించిన కథ ఉంది, అటెండరు రెండుసార్లు తడబడి మళ్లీ మొదలుపెట్టిన మాటలున్నాయి. పదహారు క్లిప్పులనూ వచ్చినవి వచ్చినట్టే, ఒక్కోదానికి మనిషి పేరు పెట్టి, వేరే ఫోల్డర్‌లో అదే పెన్ డ్రైవ్‌లో వేసివ్వాలి. పాత పెన్ డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. అందువల్ల క్లిప్పులన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలు చేయకుండా విడివిడిగా ఉంచితే ఎక్కించడానికీ, ఇంటి దగ్గర టీవీకి తగిలించి కావలసినది వెతుక్కోవడానికీ తేలిక.